వీసా మీది తారీఖు వేరు, ఉండనిచ్చే దినాలు వేరు

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్... ఏ ఊరికి పోయినా గల్ఫ్ ఏజెంటు ఇప్పుడు కాగితం చేతిలో పెట్టడం లేదు. ఫోన్‌కు ఫొటో పంపుతున్నాడు. 'వీసా వచ్చింది, చూసుకోండి, మిగతా పైసలు కట్టండి' అంటున్నాడు. ఇంటిల్లిపాది ఆ ఫొటో ముందు వేసుకొని అందులో కనపడిన పెద్ద తారీఖు పట్టుకుంటారు. అప్పటిదాకా మనవాడు అక్కడ ఉండొచ్చనుకుంటారు. మిత్తికి తెచ్చిన అప్పు ఆ లెక్క మీదనే నడుస్తది. ఆ లెక్కే తప్పు అని మేము చెప్పదలుచుకున్నాం.

వీసాలో రెండు గడియారాలు ఉంటాయి. ఒకటి సరిహద్దు దాటి లోపలికి రావడానికి ఇచ్చిన గడువు. రెండోది లోపలికి వచ్చినంక ఉండనిచ్చే దినాలు. మొదటిది వీసా ఇచ్చిన రోజు నుండి తిరుగుతది. రెండోది దిగిన రోజు, ఇమ్మిగ్రేషన్ ముద్ర పడ్డ రోజు నుండి తిరుగుతది. ఒకదానితో ఒకదానికి పొత్తు లేదు.

దుబాయి విజిట్ వీసానే తీసుకుందాం. ఒక వీసా 2025 జూన్ 3న ఇచ్చారనుకోండి. 'వ్యాలిడ్ అన్‌టిల్' అన్న చోట ఆగస్టు 1 అని ఉంది. అంటే 60 రోజులు. పైన ఎక్కడో టూరిస్ట్, సింగిల్ ఎంట్రీ, 30 రోజులు అని ఉంది. మనవాడు జూన్ 10న దిగాడు. ఆగస్టు 1 దాకా ఢోకా లేదని ఏజెంటు చెప్పాడు, ఇంట్లో వాళ్లు నమ్మారు. కానీ ఆగస్టు 1 దేశంలోకి రావడానికి ఆఖరి రోజు. ఆయన జూన్ 10న వచ్చేశాడు కాబట్టి ఆ తారీఖు పని అక్కడితోనే అయిపోయింది. ఇక లెక్కించాల్సింది 30 రోజులు. దిగిన రోజును కూడా కలుపుకుంటే అవి జూలై 9తో నిండుతాయి. పొడిగింపు లేకుండా ఆగస్టు 1న విమానం ఎక్కబోతే అప్పటికి 23 రోజులు ఎక్కువ ఉన్నట్టు. రోజుకు 50 దిర్హాముల చొప్పున 1,150 దిర్హాములు. కైకిలి దొరకక తిరిగి వస్తున్నవాడికి అదెంత భారమో వేరే చెప్పాలా? జరిమానా కట్టలేక ఆగిపోయినవాడే మెల్లగా ఖల్లివెల్లి అవుతాడు.

ఇదే వీసా మీద జూలై 28న దిగినవాడి సంగతి తలకిందులు. 'ఇంక నాలుగు రోజులే ఉన్నది' అని ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. నిజానికి ఆయనకు ఆగస్టు 26 దాకా గడువున్నది. తారీఖు ఒక్కటే చూస్తే ఒకడు మునుగుతాడు, ఇంకొకడు ఉత్తగనే భయపడతాడు.

తారీఖు కంటే ముందు చదవాల్సిన మాట ఇంకొకటి ఉంది. అది వీసా రకం. టూరిస్ట్ అనో విజిట్ అనో ఉంటే అది కొలువు వీసా కాదు. కొలువు వీసా అయితే ఎంప్లాయ్‌మెంట్ అని ఉండాలి, స్పాన్సర్ దగ్గర కంపెనీ పేరు ఉండాలి. పదో తరగతి దాటనివారి పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అని ఉంటది. ఆ పాస్‌పోర్టుతో దుబాయికో సౌదీకో కొలువుకు పోవాలంటే మన దేశపు ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. విజిట్ మీద పోయేవాడికి అది అక్కర్లేదు. ఏజెంటుకు విజిట్ వీసా మీద అంత ప్రేమ ఎందుకో ఇప్పుడు అర్థమైతది. 'పోయినంక కంపెనీ మార్చుకుంటది' అన్న మాట నిజమే అయినా, కొత్త పర్మిట్ చేతికొచ్చేదాకా ఆ 30 రోజుల గడియారం ఆగదు.

ఇక ముద్ర ఫొటో. వీసా ఫొటో పంపిన ఏజెంటు ముద్ర పడ్డ పేజీ ఎన్నడూ పంపడు. అది మనవాడే దిగిన రోజున తీసి పంపాలి. ఒకే పేజీ మీద రెండు మూడు ముద్రలు ఒకదాని మీద ఒకటి పడితే ఏది వచ్చినది, ఏది పోయినది అని తేల్చుకోవాలి. శంషాబాద్‌లో మనవాళ్లు కొట్టిన డిపార్చర్ ముద్రను అక్కడి ఎంట్రీ ముద్ర అనుకునేవాళ్లు ఉన్నారు. రాత్రి విమానం అయితే రెండింటికీ ఒక రోజు తేడా వస్తది, లెక్క కూడా ఒక రోజు జరుగుతది. స్మార్ట్ గేటు నుండి పోతే అసలు ముద్రే పడకపోవచ్చు. అప్పుడు బోర్డింగ్ పాసే దాచుకోవాలి. ఫొటోలో నాలుగు మూలలూ కనపడాలి. వీసా మీది పాస్‌పోర్టు నంబరు, మొదటి పేజీలోని నంబరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. మూల కత్తిరించిన ఫొటో పంపినవాడు ఆ మూలలో ఏం దాచాడో అడగండి.

సౌదీది ఇంకో చిక్కు. అక్కడి కొలువు వీసా మీద 'డ్యూరేషన్ ఆఫ్ స్టే' 90 రోజులు అని ఉంటది. 'రెండేళ్ల కొలువన్నాడు, మూడు నెలలకే వీసా తెచ్చాడు' అని ఏజెంటు ఇంటి మీదికి పోయినవాళ్లున్నారు. ఈ ఒక్క విషయంలో ఏజెంటుది తప్పు లేదు. ఆ 90 రోజులు కఫీలు ఇఖామా తీయాల్సిన గడువు. ఇఖామా వచ్చినంక దానిదే లెక్క. 90 రోజులు దాటినా ఇఖామా చేతికి రాలేదంటేనే భయపడాలి. విజిట్ వీసా మీద 90 అని ఉంటే మాత్రం దాని అర్థం వేరు. అది ఉండనిచ్చే దినాలే, దాని వెనుక ఇఖామా రాదు.

2023 నుండి మన దేశంలో సౌదీ వీసా పాస్‌పోర్టుకు అంటించడం ఆపి, క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం ఇస్తున్నారు. పాత స్టిక్కర్లు, ముద్రలు మాత్రం ఇంకా చాలామంది పాస్‌పోర్టుల్లో ఉన్నాయి. వాటి మీద అరబ్బీ అంకెలుంటాయి. అరబ్బీ సున్నా ఒక చుక్క, ఐదు ఒక చిన్న గుండ్రం. మన కంటికి ఆ ఐదు సున్నాలాగ కనపడతది. ఆరు అచ్చం ఇంగ్లీషు ఏడులాగ ఉంటది. ఫొటో మసకైతే చుక్క మాయమై 30 కాస్తా 3 అయి కూర్చుంటది. పాత పహాణీలు చదివే పెద్దమనుషులకు చూపిస్తే తేలుస్తారనుకుంటాం గానీ, ఉర్దూలో నాలుగు, ఐదు, ఆరు రాసే తీరు అరబ్బీకి కొంచెం వేరు. వాళ్లు కూడా అక్కడే తడబడతారు. సంవత్సరం 14తో మొదలైతే అది హిజ్రీ. హిజ్రీ ఏడు మన లెక్కకు 11 రోజులు తక్కువ. 1446 అన్నది 2024 జూలైలో మొదలై 2025 జూన్‌లో ముగిసింది. కాబట్టి ఏడు ఒక్కటే చూసి 2024 అనో 2025 అనో చెప్పలేం, నెల కూడా చూడాలి.

ఇ.సి.ఆర్. ముద్ర కొట్టి పాస్‌పోర్టు చేతిలో పెట్టే సర్కారుకు, ఆ పుస్తకంలో రేపు పడబోయే ముద్రలను ఎట్ల చదవాలో ఒక తెలుగు కాగితం ఇవ్వడం భారం కాదు. కలెక్టరేట్లలో భూమి కాగితాలు చూసే మనిషి ఉన్నట్టు వీసా కాగితం చూసే మనిషిని పెట్టమని మేము అడుగుతున్నాం. విమానం ఎక్కకముందు చదివితే అప్పు మిగులుతది. ఎక్కినంక చదివితే జరిమానా లెక్క మాత్రమే తెలుస్తది.

ఆ మనిషి వచ్చేదాకా పోయేవాళ్లు ఒక్క పని చేయండి. కఫీలు పాస్‌పోర్టు గుంజుకోకముందే మూడు పేజీలు ఫొటో తీసి ఇంటికి పంపండి: మీ పేరున్న పేజీ, వీసా, దిగిన ముద్ర. పాత సౌదీ ముద్ర అయితే దాని దగ్గరనే బోర్డర్ నంబరు కూడా ఉంటది. ఇఖామా లేకుండా చిక్కుకున్నవాడు తిరిగి రావడానికి ఎంబసీ గడప తొక్కితే, నువ్వు ఎప్పుడు ఎట్ల వచ్చినవని అడిగినప్పుడు ఆ నంబరే చూపించాల్సి వస్తది.