లారీ ఎక్కే సరుకుకు ఏ బీమా?

లారీకి ఉన్న బీమా అందులోని సరుకుకు వర్తించదు. గుంటూరు వ్యాపారి 6 లక్షల రూపాయల మిర్చిని ఇండోర్‌కు పంపుతున్నారనుకుందాం. ప్రీమియం తక్కువని ‘బి’ క్లాజు పాలసీ తీసుకుంటే లారీ బోల్తాపడినా, ఢీకొన్నా, తగలబడినా పరిహారం వస్తుంది. వానకు బస్తాలు తడిసినా, దొంగలు ఎత్తుకుపోయినా రాదు. వాటికీ రక్షణ కావాలంటే ‘ఎ’ క్లాజు అడగాలి.

సరుకు తడిసి చేరితే డెలివరీ రసీదుపై ఊరికే సంతకం పెట్టకూడదు. ఎన్ని బస్తాలు తడిశాయో దానిపైనే రాయించి, బీమా కంపెనీకి వెంటనే తెలపాలి. బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా ట్రాన్స్‌పోర్టు కంపెనీకి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బీమా కంపెనీ తాను చెల్లించిన సొమ్మును ట్రాన్స్‌పోర్టు నుంచి రాబట్టుకోవాలంటే ఆ నోటీసు ఉండాలి. లేదంటే క్లెయిములో కోత పడవచ్చు.