కరివేపాకు తీసి పక్కన పెట్టే వాళ్ళకి

మొన్న బంధువుల ఇంట్లో భోజనాల దగ్గర ఒకావిడ తన తోటికోడలి గురించి, "కూరలో కరివేపాకులా తీసి పారేశారమ్మా దాన్ని" అంది. అందరూ అయ్యో అన్నారు. అంటూనే ఎవరి విస్తరి అంచున వాళ్ళు పప్పులో కరివేపాకు ఏరి పెట్టుకుంటున్నారు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. తెలుగులో ఇన్ని సామెతలు చదువుకున్నాను గానీ, అసలు కరివేపాకుని తీసి పారేయాలని ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తయ్య ఒక పద్ధతి నేర్పారు. మగవాళ్ళకి, పిల్లలకి వడ్డించే ముందు గరిటెతో ఆకు పక్కకి తోసి వడ్డించాలి. చివర్న గిన్నె అడుగున మిగిలిన ఆకంతా మా ఇద్దరి కంచాల్లోకి వచ్చేది. ఆవిడ ఒక్కటీ పారేయకుండా నమిలి తినేవారు. "ఇది తినేదే అయితే వాళ్ళకెందుకు వేయకూడదు, తినకూడనిదైతే మనమెందుకు తింటున్నాం అత్తయ్యా?" అని ఒకరోజు అడిగాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఆ ప్రశ్నకి జవాబు పొయ్యి దగ్గరే ఉందని నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మసాలాల్లో వాసన ఇచ్చి తప్పుకునేవి కొన్ని ఉన్నాయి. బిర్యానీ ఆకు ఎంత ఉడికినా తోలులాగే ఉంటుంది, అంచులు గొంతులో గుచ్చుకుంటాయి. దాన్ని తీసేయాల్సిందే. దాల్చినచెక్కా అంతే. కరివేపాకు ఆ జాతిది కాదు. అది నిమ్మ, నారింజ, మారేడు కుటుంబానికి చెందిన చెట్టు. లేత ఆకుని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, సన్నటి చుక్కలు కనిపిస్తాయి. వాసన నూనె ఉండేది వాటిలోనే. ఆకు మొత్తం తినే వస్తువే. తినకూడనిది మధ్యలో ఉండే పుల్ల ఒక్కటే. పుల్లతో సహా రెమ్మని పోపులో పడేసి, తర్వాత "గొంతుకి అడ్డం పడుతోంది" అంటే ఆ తప్పు చెట్టుది కాదు.

"సారమంతా నూనెలోకి దిగిపోయాక మిగిలింది పిప్పేగా" అని మా మరిది వాదిస్తాడు. సగం నిజమే. పోపులో ఆ వాసన నూనె చాలావరకు మన నూనెలో కలుస్తుంది. కానీ పీచు, కాల్షియం ఆకులోనే ఉంటాయి. అలాగని పది ఆకులు నమిలితే ఎముకలు గట్టిపడతాయి, జుట్టు నల్లబడుతుంది అని నేను చెప్పను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి ఆకులో 600 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ మనం పోపులో వేసే 20 ఆకులూ కలిపి తూచినా 2 గ్రాములు దాటవు. అంటే ఇంటిల్లిపాదికీ కలిపి పది పన్నెండు మిల్లీగ్రాములు. ఒక్క గ్లాసు పాలలో 200కి పైనే ఉంటుంది. కాబట్టి కరివేపాకుని మందులా మింగమని ఎవరినీ బతిమాలక్కర్లేదు. రుచిగా వండితే వాళ్ళే తింటారు.

ఆ వండటంలోనే ఉంది అసలు సంగతి. ఒకరోజు చారులో సరిగ్గా 20 ఆకులు లెక్కపెట్టి వేశాను. భోజనాలయ్యాక కంచాల పక్కన 17 ఉన్నాయి. మర్నాడు అవే 20 ఆకుల్ని కత్తెరతో సన్నగా తరిగి పోపులో వేశాను. ఒక్క ముక్క మిగల్లేదు. మాట్లాడినవాళ్ళూ లేరు, ఏరినవాళ్ళూ లేరు. మూడోరోజు బెండకాయ వేపుడు చేశాను. ఆకులు తరగలేదు. కడిగి గుడ్డ మీద తడి ఆరనిచ్చి, విడిగా నూనెలో వేయించి, దించే ముందు పైన కలిపాను. మా అబ్బాయి ఆకులు ఏరుకున్నాడు, ఈసారి తినడానికి.

ఎందుకిలా అంటే, ఆకు నూనెలో పడగానే చిటపటమనేది అందులోని నీరు. ఆ చప్పుడు ఆగిందంటే నీరు పోయింది, ఆకు గలగలలాడుతుంది, వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పులిహోరలో, వేపుళ్ళలో, ఆవపెట్టిన పనసపొట్టు కూరలో అది అలాగే ఉంటుంది, పంటికింద కరకరలాడుతుంది. అదే ఆకుని చారులోనో పులుసులోనో వేసి మరిగిస్తే మళ్ళీ నీరు పీల్చుకుని తడి కాగితంలా అవుతుంది. ముదురాకైతే మరీ. అది నాలుక మీద అంటుకుంటే ఎవరైనా తీసి పక్కన పెడతారు. అందుకే నీళ్ళ వంటల్లో తరిగి వేయాలి, పొడి వంటల్లో వేయించి వేయాలి. మజ్జిగలోకైతే ఉప్పు, అల్లంతో కలిపి నలిపేయాలి. చంటిపిల్లలకి, పళ్ళు లేని పెద్దవాళ్ళకి మాత్రం ఏ వంటలోనూ ఆకు నిండుగా పెట్టొద్దు. అంగిట్లో అతుక్కుని పొలమారుతుంది. వాళ్ళ వరకు తీసేయడమే సరి, లేదా పొడి చేసి కలపడం.

ఇంకో వాదన ఉంది. "బజారు ఆకుకి మందులు కొడతారు, అందుకే తినం" అని. మందు భయం నిజమే. మన దేశం నుంచి వెళ్ళే కరివేపాకుని యూరప్ వాళ్ళు పురుగుమందుల అవశేషాల కోసం ప్రత్యేకంగా తనిఖీ చేశారు కూడా. కానీ ఆకుని నూనెలో వేయించి, పులుసులో మరిగించి, చివర్న ఆకు ఒక్కటీ తీసేస్తే మందు పోతుందా? చాలా మందులు నూనెలో కరిగేవే. ఆకు మీద ఉన్నది అప్పటికే కూరలోకి దిగి ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది కంచం దగ్గర కాదు, కుళాయి దగ్గర. పావుగంట చింతపండు నీళ్ళలో నానబెట్టి, రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడిగితే పైపైన ఉన్నది చాలావరకు పోతుంది. ఆకులోకి ఇంకినది పోదు. అందుకే మా దేవరాపల్లిలాంటి ఊళ్ళలో పెరడున్నవాళ్ళు కూడా చోడవరం సంతలో కట్టలు కొనడం చూస్తే నాకు బాధేస్తుంది. గిన్నెలు తోమిన చోట కాస్త ఎండ తగిలేలా ఒక్క మొక్క పెడితే, చివర్లు తుంచుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. లేతాకు ఎప్పుడూ చేతికందుతుంది.

పోయిన సంక్రాంతికి మా అత్తయ్య, నేను కూర్చుని కరివేపాకు కారం కొట్టాం. నాలుగు గుప్పిళ్ళ ఆకు రాత్రంతా నీడలో ఆరబెట్టి, సన్నసెగ మీద గలగలలాడేదాకా వేయించి, ఎండుమిరపకాయలు, మినప్పప్పు, చింతపండు, వెల్లుల్లి వేసి దంచాం. తడి మిగిలితే వారానికే బూజు పడుతుందని ఆవిడ మూడుసార్లు ఆకు నలిపి చూశారు. అన్నంలో ఆ పొడి, నెయ్యి వేసుకుని మా మామయ్య రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు. జీవితమంతా ఆకు ఏరి పక్కన పెట్టిన మనిషి.

"చూశావా, ఇన్నాళ్ళూ నేను వాళ్ళకి పక్కకి తోసి పెట్టాను" అన్నారు అత్తయ్య నాతో మెల్లగా.

అందుకే చెప్తున్నాను. ఇంట్లోవాళ్ళు ఆకు ఏరుతుంటే వాళ్ళని తిట్టకండి, ఏరి పెట్టే చాకిరీ మీరు చేయకండి, మిగిలిన ఆకంతా మీ ఒక్కరి కంచంలోనూ వేసుకోకండి. రేపటి చారులోకి కత్తెర తీయండి. ఇకపై ఎవరైనా ఒక ఆడమనిషిని "కూరలో కరివేపాకు" అంటే, మా ఇంట్లో కరివేపాకు తింటాం అని చెప్పండి.