షేరు ముక్కలైతే కంపెనీ పెరగదు

మా వైపు నుంచి హోసూరు కంపెనీలకు పనికి పోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందువల్ల షేర్ల మాట ఇప్పుడు టీ అంగడిలో కూడా వినబడుతోంది. ఆ మాటల్లో రెండింటిని నేను ఒప్పుకోను. ఒకటి, "స్ప్లిట్ వస్తా ఉందంట, పది షేర్లు నూరవతాయంట, ఇప్పుడే కొని పెట్టుకోవాల" అనేది. రెండోది, "కంపెనీనే తన షేర్లు తాను కొంటా ఉందంటే, లోపల ఏదో గొప్ప సంగతి ఉన్నట్టే కదా" అనేది. ఈ రెండు మాటలు నమ్మి కష్టపడి దాచిన డబ్బు పెట్టేవాళ్ళున్నారు. రెండూ లెక్కకు నిలవవు. ఆ లెక్క చేయడానికి మనం ఐదో తరగతిలో నేర్చుకున్న భాగహారం చాలు.

దూరం పోకుండా హోసూరులోని టైటాన్‌నే చూద్దాం. 1984లో టాటా వాళ్ళు, మన తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి పెట్టిన కంపెనీ అది. 2011 జూన్‌లో ఆ కంపెనీ ఒకేసారి రెండు పనులు చేసింది. 10 రూపాయల ముఖ విలువ ఉన్న ప్రతి షేరునూ 1 రూపాయి షేర్లు పదిగా విడగొట్టింది. ఇది స్ప్లిట్. తర్వాత ప్రతి షేరుకూ ఇంకొక షేరు ఊరికే ఇచ్చింది. ఇది బోనస్. అంటే అంతకు ముందు ఒక షేరు ఉన్నవాడి దగ్గర ఆ తర్వాత 20 షేర్లు ఉన్నాయి.

దానికి ముందు టైటాన్ షేరు ధర 4,000 రూపాయల పైన ఉండేది. లెక్క సులువుగా ఉండడానికి 4,200 అనుకుందాం. 10 షేర్లు ఉన్నవాడి సొత్తు 42,000. స్ప్లిట్, బోనస్ అయినాక అతని దగ్గర 200 షేర్లు. బజారులో ధర రెండు వందల చిల్లరకు దిగింది. 200 షేర్లను 210తో గుణిస్తే మళ్ళీ అదే 42,000. ఆ పొద్దు తెల్లవారి ఫోను చూసి "అయ్యో, షేరు పడిపోయింది" అని గుండెలు బాదుకున్నవాడూ తప్పే, "నూటికి ఐదు వంతుల ధరకే దొరుకుతా ఉంది" అని ఎగబడినవాడూ తప్పే.

టిడ్కో వైపు నుంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కంపెనీలో దానికి దాదాపు 28 శాతం వాటా ఉంది. స్ప్లిట్‌కు ముందు అది సుమారు 1.24 కోట్ల షేర్లు. తర్వాత 24.75 కోట్ల షేర్లు. కాగితం మీద అంకె ఇరవై రెట్లయింది. కానీ కంపెనీ మొత్తం షేర్లు కూడా 4.44 కోట్ల నుంచి 88.78 కోట్లయ్యాయి కదా! భాగించి చూస్తే వాటా ముందెంతో ఇప్పుడూ అంతే. హోసూరు ఫ్యాక్టరీలో ఆ రోజు ఒక గడియారం ఎక్కువగా తయారు కాలేదు, తనిష్క్ అంగడిలో ఒక నగ ఎక్కువగా అమ్ముడు పోలేదు.

"స్ప్లిట్ సరే, బోనస్ అయితే ఊరికే ఇచ్చిందే కదా?" అని అడుగుతారు. ఎవరి సొమ్ము ఇచ్చింది? కంపెనీ పాత లాభాలను దాచిన రిజర్వు కూడా వాటాదారులదే. అందులో నుంచి 44 కోట్ల చిల్లర తీసి మూలధనం అనే పద్దు కింద రాశారు. ఎడమ జేబులోది కుడి జేబులో వేసుకున్నట్టు. బయటికి పైసా పోలేదు, లోపలికి పైసా రాలేదు.

ఇక "చవక" అనే మాట. షేరు ధరను చూసి కంపెనీ చవకో ఖరీదో చెప్పలేం. చెన్నైలోని టైర్ల కంపెనీ ఎం.ఆర్.ఎఫ్. తన షేరును విడగొట్టకుండా ఉంచింది. 2023 జూన్‌లో దాని షేరు ఒక్కటి లక్ష రూపాయలు దాటింది. అప్పుడు టైటాన్ షేరు 2,900 దగ్గర ఉంది. మరి పెద్ద కంపెనీ ఏది? ఎం.ఆర్.ఎఫ్. షేర్లు మొత్తం 42 లక్షల చిల్లరే. లక్షతో గుణిస్తే సుమారు 42,000 కోట్లు. టైటాన్ 88.78 కోట్ల షేర్లను 2,900తో గుణిస్తే రెండున్నర లక్షల కోట్లు దాటుతుంది. లక్ష రూపాయల షేరు ఉన్న కంపెనీ కంటే మూడు వేలు కూడా లేని షేరు ఉన్న కంపెనీ ఆరు రెట్లు పెద్దది! షేరు ధర ఒక్కటే చూడడమంటే, ముక్క ఎంత ఉందో చూసి మామిడికాయ ఎంతో చెప్పడమే.

టైటాన్ రెండు వందల నుంచి మూడు వేల దగ్గరికి వచ్చింది నిజమే కదా, అది స్ప్లిట్ మహిమ కాదా అంటారు. కాదు. ఆ పన్నెండేళ్ళలో ఊరూరా నగల అంగళ్ళు తెరిచారు, అమ్మకాలు పెరిగాయి, లాభం పెరిగింది. షేరును విడగొట్టకుండా ఉండి ఉంటే అదే షేరు 4,200 నుంచి 58,000కు పోయి ఉండేది. రెట్లు అవే.

స్ప్లిట్ వల్ల ఒక ఉపయోగం ఉంది, దాన్ని దాచను. నాలుగు వేలు ఒకేసారి పెట్టలేనివాడు రెండు వందలకు ఒక షేరు కొనగలడు. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు పెరుగుతారు. ఆ ఉత్సాహంలో కొన్నాళ్ళు ధర కొంచెం ఎగరనూ వచ్చు. అది పెద్ద నోటుకు చిల్లర దొరకడం లాంటి సౌకర్యం. చిల్లర దొరికిందని నోటు విలువ పెరగదు.

బైబ్యాక్ కొంచెం చిక్కైనది, ఎందుకంటే ఇందులో నిజంగానే డబ్బు కదులుతుంది. చిన్న లెక్క తీసుకుందాం. ఒక కంపెనీ మొత్తం విలువ 10,000 రూపాయలు. అందులో 1,000 బ్యాంకులో ఉన్న నగదు, మిగతా 9,000 వ్యాపారం విలువ. షేర్లు 100, అంటే ఒక్కోటి 100 రూపాయలు. కంపెనీ ఆ 1,000 పెట్టి 10 షేర్లు కొని రద్దు చేసింది. ఇప్పుడు మిగిలింది 9,000 విలువ, 90 షేర్లు. ఒక్కోటి మళ్ళీ 100 రూపాయలే. వ్యాపారం మారలేదు. నగదు బయటికి పోయింది, దానికి తగ్గట్టు షేర్లూ తగ్గాయి.

అదే 1,000తో షేరుకు 125 ఇచ్చి 8 షేర్లు కొన్నదనుకోండి. మిగిలిన 9,000ను 92 షేర్లకు పంచితే ఒక్కోటి 97 రూపాయల 83 పైసలు. అమ్మినవాళ్ళకు ఎనిమిది షేర్ల మీద తలా 25 చొప్పున 200 రూపాయలు లాభం. ఉండిపోయినవాళ్ళకు 92 షేర్ల మీద కలిపి 200 నష్టం. అసలు విలువ కంటే తక్కువకు కొంటే ఇది తిరగబడుతుంది, అమ్మినవాడు పోగొట్టుకుంటాడు, ఉన్నవాడు పొందుతాడు. ఎలా చేసినా ఒకరి చేతిలోది ఇంకొకరి చేతికి పోతుందే కానీ కొత్తగా పుట్టింది ఏమీ లేదు. బైబ్యాక్‌ను పొగిడేవాళ్ళు ఈ సగం చెప్పరు.

వాళ్ళు చెప్పేది ఇంకొకటి: "షేర్లు తగ్గితే ఒక్కో షేరుకు వచ్చే లాభం పెరుగుతుంది కదా." పెరుగుతుంది. మన కంపెనీకి ఏడాదికి 800 లాభం, అందులో 60 ఆ బ్యాంకు నగదు మీద వచ్చే వడ్డీ అనుకుందాం. ముందు షేరుకు 8 రూపాయలు. నగదు పెట్టి 10 షేర్లు కొన్నాక లాభం 740కి తగ్గింది, షేర్లు 90, కాబట్టి షేరుకు 8 రూపాయల 22 పైసలు. ఆ 22 పైసలు ఊరికే రాలేదు. ఒక చెడ్డ ఏడు వచ్చి వ్యాపారం లాభం సగమై 370 అయిందనుకోండి. నగదు ఉంచుకున్న కంపెనీకి వడ్డీతో కలిపి 430, అంటే షేరుకు 4 రూపాయల 30 పైసలు. నగదు ఖర్చు చేసిన కంపెనీకి 370ని 90తో భాగిస్తే 4 రూపాయల 11 పైసలు. మంచి ఏట కొంచెం ఎక్కువ, చెడ్డ ఏట ఇంకొంచెం తక్కువ. కరువుకు దాచిన గింజలు తినేసి, ఈ నెల బాగా తిన్నామని సంతోషపడినట్టు ఉంటుంది.

దీనికి నిజమైన సాక్ష్యం మన పక్కనే ఉన్న బెంగళూరులో ఉంది. 2017 ఆగస్టు 18న ఇన్ఫోసిస్ అధిపతి విశాల్ సిక్కా రాజీనామా చేశారు. ఆ ఒక్క రోజే షేరు దాదాపు 10 శాతం పడి 923 రూపాయల దగ్గర ఆగింది. మరుసటి రోజు శనివారం, కంపెనీ తన మొట్టమొదటి బైబ్యాక్ ప్రకటించింది. షేరుకు 1,150 చొప్పున 13,000 కోట్ల రూపాయలతో 11.3 కోట్ల షేర్లు కొంటామని. బజారు ధర కంటే 200 పైన ఎక్కువ! టీ అంగడి లెక్క ప్రకారం సోమవారం షేరు ఎగరాలి. ఎగరలేదు, ఇంకో 5 శాతం పైన పడింది. కంపెనీని ఎవరు నడుపుతారు, పెట్టినవాళ్ళకూ బోర్డుకూ ఉన్న గొడవ ఎక్కడికి పోతుంది అన్నదే జనం చూశారు. ఆ ప్రశ్నకు 13,000 కోట్లు జవాబు కాదు. లెక్క కూడా అదే చెబుతుంది. 923 చొప్పున కంపెనీ మొత్తం విలువ సుమారు 2,12,000 కోట్లు. అందులో 13,000 కోట్లు పోతే మిగిలినదాన్ని మిగిలిన 218 కోట్ల చిల్లర షేర్లకు పంచితే ఒక్కోటి 911 దగ్గర ఉంటుంది. ఉండిపోయినవాడికి షేరుకు 12 రూపాయలు తరుగు.

బైబ్యాక్ వల్ల ఎప్పుడూ మేలు లేదని నేను అనడం లేదు. చేతిలో ఉన్న డబ్బును పనికిరాని కొనుగోళ్ళ మీద పోసే కంపెనీ ఉంటే, ఆ డబ్బు యజమానులకు తిరిగి ఇవ్వడం నయమే. అప్పుడు కూడా జరిగింది దుబారా ఆగడం.

ఇక మన ఇళ్ళలో ఎవరికైనా బైబ్యాక్ కాగితం వస్తే చూసుకోవలసిన సంగతి ఒకటుంది. ఇలా వాటాదారులందరినీ అడిగి కొనే పద్ధతిలో, రెండు లక్షల రూపాయల లోపు షేర్లు ఉన్న చిన్నవాళ్ళకు 15 శాతం కేటాయించాలని సెబీ నియమం. బజారులో 923, కంపెనీ ఇచ్చేది 1,150 అని చూసి, తేదీకి ముందు పరుగెత్తి కొనేవాళ్ళు దీన్నే నమ్ముకుంటారు. కానీ 100 షేర్లు పెడితే 100 కూడా తీసుకుంటారని ఏమీ లేదు. ఎంతమంది పెట్టారో చూసి అందులో కొంత వంతే తీసుకుంటారు. తీసుకున్న వాటికే 1,150. మిగిలినవి మన డీమాట్ ఖాతాకే తిరిగి వస్తాయి, వాటికి ఆ రోజు బజారులో ఏ ధర ఉంటే అంతే.