మొదటి రోజు అమ్మమ్మకు ఏం చెప్పి పంపుతున్నారు?

కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం కార్యదర్శి గారికి,

1981లో మొదలై ఇప్పుడు మీ విభాగం నడుపుతున్న ఎడిప్ పథకం కింద ఎందరో పిల్లలకు చెవి మిషన్లు అందుతున్నాయి. మిషన్ చేతికిచ్చి సంతకం తీసుకోవడంతో ఆ పని ముగిసినట్టు లెక్క వేయకూడదని, పిల్లను రోజంతా చూసుకునే మనిషికి మొదటి రోజే నేర్పడం కూడా పథకంలో భాగం కావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పాలమూరు పల్లెల్లో ఆ మనిషి చాలాసార్లు అమ్మమ్మో నాయనమ్మో అవుతుంది, ఎందుకంటే తల్లిదండ్రులు పనుల కోసం ముంబైకో పుణేకో వలస పోయి ఉంటారు.

ఒక కథలా ఊహించి చూద్దాం. మూడేళ్ల పిల్లకు రెండు చెవుల్లోనూ 75 డెసిబెల్స్ దాకా వినికిడి లోపం ఉంది. మిషన్లు పెట్టించి ఇంటికి తెచ్చిన అమ్మమ్మ, పిల్ల వాకిట్లో ఆడుకుంటుంటే వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తుంది. పిల్ల తిరగదు. మళ్లీ పిలుస్తుంది. అప్పుడూ తిరగదు. సాయంత్రానికి ఆమె మనసులో ‘ఈ మిషన్ పనిచేయదు’ అన్న తీర్పు పడిపోతుంది. నిజానికి మిషన్ పనిచేస్తూనే ఉంది. ఆ పిల్లకు శబ్దం చేరుతున్నా, అది తన పేరని తెలియదు. వినికిడి బాగున్న పసిబిడ్డ కూడా ఏడాది పాటు మాటలు విన్నాకే మొదటి మాట పలుకుతుంది; ఈ పిల్లకు వినడంలో ఇది తొలి రోజు. పైగా ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో వినిపించే మాట నాలుగు మీటర్లకు చేరేసరికి పన్నెండు డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. ఆ రోజు అమ్మమ్మ చూడాల్సింది పిల్ల తల తిప్పిందా లేదా అని కాదు. దగ్గర కూర్చుని మాట్లాడినప్పుడు ఆడుతున్న చేయి ఒక్క క్షణం ఆగిందా, కళ్లు పెద్దవయ్యాయా, ఉలిక్కిపడి ఏడ్చిందా అన్నది చూడాలి. ఆ ఏడుపు కూడా పిల్లకు వినపడిందనడానికి గుర్తు కావచ్చు. ఇంత మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ తీర్పు పడేది కాదు.

రెండో చిక్కు ఈల. పిల్లను ఎత్తుకోగానే మిషన్ కూత పెడితే, చెవికి ఏదో అవుతోందని అమ్మమ్మ తీసి డబ్బాలో పెట్టేస్తుంది. కారణం సాధారణంగా చెవిలో పెట్టే అచ్చు సరిగా కూర్చోకపోవడం. పరీక్ష కూడా సులువే. అచ్చు బయటికి తీసి దాని రంధ్రాన్ని వేలితో మూయాలి. కూత ఆగితే మిషన్ బాగానే ఉందన్నమాట, అచ్చును సరిగా పెట్టాలి. అయినా చెవిలో కూస్తుంటే అచ్చు వదులైందని అర్థం. రంధ్రం మూసినా కూత ఆగకపోతే గొట్టం చిట్లడమో, మిషన్‌లో లోపమో. ఎదిగే పిల్లల చెవి కూడా ఎదుగుతుంది గనుక ఈ వయసులో కొన్ని నెలలకోసారి అచ్చు మార్చాల్సి రావచ్చు. పాత అచ్చుతో ఇంటికి పంపిన కొత్త మిషన్ ఎంత ఖరీదైనదైనా కూస్తూనే ఉంటుంది. బ్యాటరీ సంగతీ చెప్పాలి: స్టిక్కర్ తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనివ్వాలి, రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి ఉంచాలి, బిళ్లను పిల్ల మింగే ప్రమాదం ఉంది గనుక చేతికి అందనీయకూడదు.

శిబిరంలో రద్దీ ఉంటుంది, ఇంత సమయం ఎక్కడిదని మీ సిబ్బంది అనవచ్చు. ఆ ఇబ్బంది నిజమే. కానీ ఐదారుగురు అమ్మమ్మలను ఒకచోట కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత మిషన్ పెట్టించి, తీయించి, వేలి పరీక్ష చేయించడానికి గంట చాలదా? ఆ గంట ఆదా చేస్తే మిషన్ మొత్తం వృథా కావచ్చు. చదువు రాని ముసలామెకు ఇవి అర్థం కావన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. నేర్పాల్సినవన్నీ చేతితో చేసే పనులే, కాగితం మీద చదవాల్సినవి కావు. చెవిటి పిల్లలకు సైగల భాష ఉండగా మిషన్ల మీద ఇంత పట్టుదల ఎందుకన్నది మరో అభ్యంతరం, దీన్ని గౌరవించాలి. మిషన్ అన్ని మాటలనూ స్పష్టంగా వినిపించదు, అతి తీవ్ర లోపం ఉన్నవారికి అసలు చాలకపోవచ్చు. అందుకే అమ్మమ్మకు ఆ రోజే భారతీయ సైగల భాష గురించీ చెప్పాలి. మిషన్ పెట్టుకున్న పిల్లకు సైగలు నేర్పకూడదన్న నియమం ఎక్కడా లేదు, ఏ దారిలోనైనా పిల్లకు భాష అందడం ఆలస్యం కాకూడదు.

అందువల్ల మీ నిబంధనల్లో మూడు మార్పులు కోరుతున్నాను. పిల్లను రోజంతా చూసుకునేవారు తమ చేతులతో మిషన్ పెట్టి చూపించాకే పంపిణీ పూర్తయినట్టు నమోదు చేయండి. నెలలోపు రెండో సందర్శనకు తేదీ ఇచ్చి, రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికెళ్లి కనుక్కునేలా రాష్ట్రాల వైద్య శాఖలతో మాట్లాడండి. అచ్చుల మార్పుకూ బ్యాటరీలకూ అయ్యే ఖర్చును మిషన్ ధరలో కలపకుండా, పిల్లకు ఐదేళ్లు నిండేదాకా విడిగా కేటాయించండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకురాలు