సగమైన సమయం - సగం కాని మాట



ఒక నవంబరు మాసంలో మచిలీపట్నంలో జరిగిన ఒక సభలో తుపానుల గురించి మాట్లాడవలసిందిగా మమ్మల్ని ఆహ్వానించారు. అసర్ నమాజు తరువాత 4:45 నుండి 5:25 వరకు, అంటే 40 నిమిషాల సమయమిచ్చారు. ఆ రోజు గుడివాడలో రైలెక్కి కూర్చున్నామో లేదో ఫోను వచ్చింది. ముందరి కార్యక్రమం ఆలస్యమవుతున్నందున మా ప్రసంగం 5:05కు మొదలవుతుందన్నారు. ముగింపు వేళ మాత్రం మారదు. మగ్రిబ్ అజాన్ ఎవరి కోసమూ ఆగదు కదా! మిగిలినవి 20 నిమిషాలు.

మేము సిద్ధపరచుకున్న ప్రసంగంలో ఐదు భాగాలున్నాయి. ప్రస్తావనకు 5 నిమిషాలు, 1864 నవంబరు 1న బందరును ముంచి సుమారు 30 వేల మందిని బలిగొన్న తుపానుకు 12, 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనకు 12, ఇళ్ళలో చేసుకోవలసిన ఏర్పాట్లకు 8, ముగింపు దుఆకు 3.

ప్రతి భాగాన్నీ సగానికి కుదిద్దామన్నదే మొదట తోచిన ఆలోచన. అలా చేస్తే ఏర్పాట్లకు దక్కేవి 4 నిమిషాలు. అంతలో ఏ ఒక్క విషయమూ వివరంగా చెప్పలేము. వేగంగా చదువుదామంటే వృద్ధులకు అర్థం కాదు. ఉన్నది ఉన్నట్లుగా మొదలుపెట్టి వీలైనంత వరకు చెబుదామంటే, 1864 కథ ముగిసేసరికే 17 నిమిషాలు గడిచిపోతాయి. చనిపోయినవారి సంఖ్య తెలుస్తుంది గాని, బ్రతికి ఉన్నవారు ఏమి చేయాలో తెలియదు.

కనుక కాగితాలు పక్కన పెట్టి, శ్రోతలు ఇంటికి తీసుకువెళ్ళవలసిన ఒక్క వాక్యాన్ని వ్రాసుకున్నాము: "హెచ్చరిక వచ్చినప్పుడు ఎవరు ఎవరిని వెంటబెట్టుకొని ఏ భవనానికి వెళ్ళాలో ఈ రాత్రే నిర్ణయించుకోండి." ఆ వాక్యానికి అవసరమైనదేదో అది ఉండాలి, తక్కినది పోవాలి. 1864 భాగాన్ని పూర్తిగా తొలగించాము. ఎంతో శ్రమించి సేకరించిన భాగమది, మనసుకు కష్టమైంది.

అయితే ఒక భాగాన్ని తీసివేస్తే దానిపై ఆధారపడిన మాటలు తరువాతి పుటల్లో అనాథలుగా మిగిలిపోతాయి. రైలు పెడన దాటకముందే మొత్తం మళ్ళీ చదివితే ఆ లోపం దొరికింది. గాలి సముద్రపు నీటిని లోతు తక్కువ తీరం మీదికి నెట్టుకొస్తుందని, ప్రాణాలు తీసేది గాలికంటే ఎక్కువగా ఆ నీరేనని 1864 భాగంలోనే వివరించాము. దివిసీమ భాగంలో "ముందు చెప్పుకున్న ఉప్పెన" అని మాత్రమే ఉంది. కృష్ణానది పాయలకు, సముద్రానికి మధ్యనున్న పల్లపు నేల ఎందుకు మునిగిందో ఆ వివరణ లేకుండా అర్థం కాదు. దానిని దివిసీమ కథకు ముందుకు తెచ్చి, "ముందు చెప్పుకున్న" అన్న మాటలను కొట్టివేశాము.

20 నిమిషాలిచ్చినా 17కే లెక్క వేశాము. పరిచయ వాక్యాలు ఎప్పుడూ కొంత సమయాన్ని తీసుకుంటాయి. హమ్ద్, సలవాత్‌లతో ప్రారంభానికి 1, ఉప్పెన వివరణకు 3, దివిసీమకు 5, ఏర్పాట్లకు 6, దుఆకు 2. తరువాత చివరి నుండి వెనుకకు లెక్కించి, ఏర్పాట్ల భాగం పక్కన "5:17 దాటరాదు" అని వ్రాసుకున్నాము. దివిసీమ భాగంలో సహాయక చర్యల గురించిన పేరాకు గీత గీశాము. అది నిమిషంన్నర సేపు చెప్పవలసినది. అవసరమైతే వదిలినా కథ తెగదు.

ఆ గీత పనికి వచ్చింది. పరిచయం ముగిసేసరికి 5:09 అయింది. ఆ పేరాను వదలి, సరిగ్గా 5:17కు ఏర్పాట్లలోకి ప్రవేశించాము. నడవలేని పెద్దలను ఎవరు తీసుకువెళ్ళాలి, రేషన్ కార్డు, పొలం కాగితాలు నీరు చొరని సంచిలో ఎక్కడ ఉంచాలి, చీకటి పడకముందే ఎందుకు బయలుదేరాలి - ఇవన్నీ తొందర లేకుండా చెప్పగలిగాము. సమయం తగ్గిందన్న ఫిర్యాదు వేదికపై చేయలేదు. దానికి కూడా ఒక నిమిషం కావాలి, శ్రోతలకు అది తాము ఏదో పోగొట్టుకున్నామన్న భావననే మిగులుస్తుంది.

నమాజు తరువాత ఒక పెద్దాయన వచ్చి, "బందరులో అంతకు ముందు కూడా ఇలాంటి ఉప్పెన వచ్చిందట, నిజమేనా అండీ?" అని అడిగారు. తొలగించిన 12 నిమిషాల భాగం మా సంచిలోనే ఉంది. మెట్ల మీద కూర్చుని ఆయనకు తీరికగా వినిపించాము.

నమాజును దీర్ఘంగా, ఖుత్బాను క్లుప్తంగా చేయడం మనిషి వివేకానికి గుర్తు అని దైవప్రవక్త (స) బోధించినట్లు హజ్రత్ అమ్మార్ బిన్ యాసిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. ఆ బోధ జుమా ఖుత్బాకు సంబంధించినదే. అయినా ఆ సాయంత్రం అజాన్ వినిపించే వేళకు మా మాట పూర్తయి ఉండటం చూసినప్పుడు, అదే మాకు గుర్తుకు వచ్చింది.