ఒట్టు తీసి గట్టున పెడుతున్నా నాన్నా

నాన్నా,

పోయిన ఆదివారం నువ్వు ఫోన్‌లో మాట్లాడుతుంటే వెనకాల ఎవరో "ఒక్క గ్లాసుకే ఏమైపోతావురా, అమ్మకూచీ!" అని పెద్దగా నవ్వారు. నువ్వు "మళ్లీ చేస్తానమ్మా" అని గబుక్కున పెట్టేశావు. అది తెల్లవాళ్ల గొంతు కాదు, మన తెలుగు గొంతే. ఎవరో మీ సీనియరు అయ్యుంటాడు. కొత్తగా వచ్చినవాళ్లకి గది చూపించేదీ వాళ్లే, సామాను మోసిపెట్టేదీ వాళ్లే. అలాంటివాడు గ్లాసు చేతికిస్తే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు తాగావేమోనన్న భయం కన్నా, తాగి ఏదైనా అయితే నాకు చెప్పవేమోనన్న భయమే నన్ను ఎక్కువగా పీడించింది.

ఎందుకు చెప్పవో కూడా నాకు తెలుసు. నువ్వు విమానం ఎక్కే ముందురోజు నూకాలమ్మ గుడిలో నీ చేత నా తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. "తాగితే నేను చచ్చినంత ఒట్టు" అనిపించాను. మన వీధిలో ఇంకో నలుగురి పిల్లలు ఆ దేశంలోనే ఉన్నారు. వాళ్ల అమ్మలూ ఇదే పని చేశారు. అందుకే ఈ ఉత్తరం నీకు రాస్తూనే పేపరుకి కూడా పంపుతున్నాను. మేమంతా చేసింది తప్పని నాకు ఇప్పుడు తోస్తోంది.

నీకు ఇన్నాళ్లూ దాచిన ఒక సంగతి చెప్పాలి. మీ చిన్నమావయ్య గుండె ఆగిపోయి పోయాడని నీకు చెప్పాం కదా. అది నిజం కాదు. అది 1994 వేసవి. అంతకు ముందు ఏడాది అక్టోబరులోనే రాష్ట్రంలో సారా నిషేధించారు గానీ బ్రాందీ షాపులు తెరిచే ఉన్నాయి. మావయ్యకి అప్పుడు ఇరవై మూడేళ్లు. అంతకు ముందు ఒకసారి తాగొస్తే అమ్మమ్మ వాడి చేత ఒట్టు వేయించుకుంది, నేను నీ చేత వేయించినట్టే. ఆ వేసవిలో స్నేహితుడి పెళ్లి ఊరేగింపులో ఎవరో పందెం కట్టారు. క్వార్టరు సీసా ఎత్తిన సీసా దించకుండా తాగమన్నారు. తాగాడు. కాసేపటికి పడిపోయాడు.

స్నేహితులు చెడ్డవాళ్లు కాదు. "వాళ్లమ్మ చూస్తే ప్రాణం తీసుకుంటుంది, ఒట్టేశాడు కదా" అనుకుని వాడిని ఇంటికి తీసుకురాకుండా ఊరి చివర బెల్లం గానుగ పాకలో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. దిగిపోతుందని నోట్లో మజ్జిగ పోశారు. గురక వినిపిస్తుంటే హాయిగా నిద్రపోతున్నాడనుకుని వెళ్లిపోయారు. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. నిద్రలోనే వాంతి అయి అది ఊపిరితిత్తుల్లోకి పోయిందని డాక్టరు చెప్పాడు. ఆ పాక నుంచి మా ఇల్లు రెండు వందల గజాలు కూడా ఉండదు. అమ్మమ్మకి కబురు తెలిస్తే తిట్టేది, కొట్టేది, కానీ బండి కట్టించి అనకాపల్లి ఆస్పత్రికి తీసుకొచ్చేది. వాడిని మందు ఒక్కటే చంపలేదు నాన్నా. దాచిపెట్టడం కూడా చంపింది.

ఇది పల్లెటూరి తెలియనితనం అనుకోకు. నువ్వున్న దేశంలోనే పెన్సిల్వేనియా రాష్ట్రంలో, పెన్ స్టేట్ యూనివర్సిటీలో, 2017 ఫిబ్రవరిలో తిమోతీ పియాజా అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు పోయాడు. ఒక విద్యార్థి సంఘంలో కొత్తగా చేరినవాళ్లకి పెట్టిన పరీక్ష అది. గంటన్నర కూడా కాకుండా అతని చేత పద్దెనిమిది సార్లు తాగించారని కోర్టులో చెప్పారు. మెట్ల మీంచి పడ్డాడు. తలకి, కడుపులోనా దెబ్బలు తగిలాయి. చుట్టూ అంతమంది చదువుకున్న పిల్లలుండి, దాదాపు పన్నెండు గంటల దాకా ఎవరూ అంబులెన్సుకి ఫోన్ చేయలేదు. మర్నాడు పొద్దున చేశారు, అప్పటికే ఆలస్యమైంది. ఆ మరుసటి ఏడు, 2018లో, ఆ రాష్ట్రంలో అతని పేరుతోనే ఒక చట్టం తెచ్చారు. గానుగ పాక అయినా, అమెరికా హాస్టలు అయినా ఆ పిల్లలు అనుకున్న మాట ఒకటే: "పడుకుంటే దిగిపోతుందిలే."

ఎందుకు దిగదో నేను ఇప్పుడు అడిగి తెలుసుకున్నాను. ఒక బీరు డబ్బా, అంటే 355 మిల్లీలీటర్లు. ఒక చిన్న గ్లాసు వైను, అంటే 150. విస్కీ, వోడ్కాలాంటివైతే 44. ఈ మూడింట్లోనూ ఉండే ఆల్కహాలు ఒకటే. "బీరే కదా" అనడానికి లేదు. ఇందులో ఒక్కదాన్ని అరిగించడానికి మన కాలేయానికి సుమారు గంట పడుతుంది. కాఫీ తాగినా, చన్నీళ్లు పోసినా ఆ గంట తగ్గదు. మన క్వార్టరులో అలాంటివి నాలుగు పైనే ఉంటాయి. అంటే మావయ్య నాలుగు గంటల పని కాలేయానికి ఒక్క నిమిషంలో పెట్టాడు. మనిషి స్పృహ తప్పి పడిపోయాక కూడా కడుపులో ఉన్న మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. పడుకున్నవాడికి దిగడం కాదు, ఇంకా ఎక్కుతూ ఉంటుంది. పార్టీల్లో పెద్ద పీపాలో పళ్లరసంతో కలిపి ఇచ్చేదాంట్లో ఎంత పోశారో పోసినవాడికే తెలియదు. తియ్యగా ఉంటుంది కాబట్టి తాగినవాడికీ తెలియదు.

అందుకని ఈ గుర్తులు కంఠతా పట్టు. గట్టిగా కుదిపి పిలిచినా లేవకపోవడం. ఊపిరి నిమిషానికి ఎనిమిది సార్లకన్నా తక్కువ పడటం, లేదా ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటడం. ఒళ్లు చల్లబడి పెదాలు, గోళ్లు నీలంగా మారడం. నిద్రలోనే వాంతి చేసుకోవడం. వీటిలో ఒక్కటి కనిపించినా 911కి ఫోన్ చెయ్యి. అన్నీ కనిపించేదాకా ఆగకు. వాళ్లొచ్చేదాకా అతన్ని వెల్లకిలా కాకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పోయకు. ఒంటరిగా వదలకు. పోలీసులు పట్టుకుంటారేమోనని చాలామంది పిల్లలు వెనకాడతారట. ఇలా సాయానికి పిలిచినవాళ్ల మీద తాగినందుకు కేసు పెట్టకుండా అక్కడ చాలా రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. ఒకవేళ కేసు పడినా పడనీ. కేసుకి వకీలున్నాడు, పోయిన ప్రాణానికి ఎవరూ లేరు.

ఇక వద్దనడం ఎలాగో చెబుతాను. నువ్వు చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ కారణం చెబుతావు. ఇక్కడ మాత్రం చెప్పకు. "కడుపునొప్పి" అంటే "రేపు తాగుదువులే" అంటారు. "అమ్మకి ఒట్టేశా" అంటే అమ్మకూచి అంటారు. నువ్విచ్చిన కారణమే వాళ్లకి వాదనకి పట్టు దొరికినట్టు అవుతుంది. "నాకొద్దు అన్నా" అను. మళ్లీ అడిగితే నవ్వుతూ మళ్లీ అదే మాట అను. మూడోసారికి చాలామందికి విసుగొస్తుంది. చేతిలో నువ్వు తెచ్చుకున్న కూల్‌డ్రింకో, నిమ్మకాయ పిండిన సోడానో ఉండనీ. ఖాళీ చెయ్యి కనబడితేనే ఎవరైనా గ్లాసు పెడతారు. నీ గ్లాసు ఎక్కడైనా పెట్టి వెళ్తే తిరిగొచ్చి అది తాగకు. పార్టీకి వెళ్లేముందే "ఈ రాత్రి కారు నేను నడుపుతా" అని చెప్పావనుకో, నిన్ను బలవంతం చేసేవాళ్లని మిగతావాళ్లే ఆపుతారు, వాళ్లకీ ఇల్లు చేరాలి కాబట్టి.

కారంటే గుర్తొచ్చింది. తాగినవాడు నడిపే కారెక్కకు, తాగి నువ్వు నడపకు. తాగి నడుపుతూ పట్టుబడితే, కోర్టు తీర్పు రాకముందే, కేవలం అరెస్టు మీదే వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. నీ చదువుకి మీ నాన్నగారు బెల్లం మార్కెట్లో గుమస్తా జీతం మీద తెచ్చిన అప్పు ఎంతో నీకు తెలుసు. టాక్సీకి ఇరవై డాలర్లు ఎక్కువని లెక్క చూడకు.

నేను మందుని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకోవచ్చు. ఆ మాట నేను ఒప్పుకోను. నువ్వు తాగకపోతేనే నాకు సంతోషం, ఆ మాట దాచను. కానీ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు మొగుళ్ల చేత ఒట్లు వేయించుకుని ఇంట్లో కూర్చోలేదు. ఇళ్లల్లో గుట్టుగా ఏడ్చే విషయాన్ని వీధిలోకి తెచ్చారు, దుకాణం ముందు నిలబడి మాట్లాడారు. వాళ్ల బలమంతా దాచకపోవడంలోనే ఉంది. మా ఇంట్లో మాత్రం ఆ తర్వాత రెండేళ్లకే ఒక పిల్లాడిని గుట్టుగా పోగొట్టుకుని, పోయిన కారణాన్ని కూడా గుట్టుగా దాచాం. అమ్మమ్మ బతికున్నంతకాలం "నా ఒట్టే వాడిని పాకలో పెట్టింది" అని ఒక్కసారి కూడా పైకి అనలేదు. కానీ ఆ తర్వాత ఎవరి చేతా ఒట్టు వేయించుకోలేదు. అది చూసి కూడా నేను నీ చేత వేయించాను.

అందుకే మన పెద్దవాళ్లు అన్నట్టు ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. నువ్వు తాగితే నాకేమీ కాదు. బాధపడతాను, రెండురోజులు మాట్లాడకపోవచ్చు, అంతే. దాని బదులు ఒక్క మాట ఇవ్వు. నీకు గానీ, నీ పక్కవాడికి గానీ ఒంట్లో తేడా వస్తే ముందు 911కి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. మీకు అర్ధరాత్రి అయితే మాకు పట్టపగలే. ఫోన్ ఎత్తగానే "తాగావా?" అని అడగను. "ఊపిరి ఆడుతోందా?" అని అడుగుతాను.

ఆ రోజు నిన్ను అమ్మకూచీ అన్న అబ్బాయికి కూడా ఈ ఉత్తరం చూపించు. వాడికీ ఎక్కడో ఒక అమ్మ ఉంది. ఆవిడ కూడా ఒట్టు వేయించుకునే ఉంటుంది.

ఆశీస్సులతో,
అమ్మ,
అనకాపల్లి