ఇంతెకాల్ ఖబర్‌కి ఏడుపు వాయిస్ ఎందుకు?

దుబాయ్‌కి వాట్సాప్ కాల్ కలవదు, మామూలు కాల్‌కి పైసలు ఎక్కువ. అందుకే ఇంట్లో ఎవరైనా ఇంతెకాల్ అయితే మనవాళ్లు ఫౌరన్ వాయిస్ పంపేస్తారు. రాసి చెప్పడం బేఅదబీ అంట! నేనొప్పుకోను.

అక్కడ తమ్ముడి హాల్ చూడండి. ఆరుగురున్న రూంలో ఉంటాడు. ఫోన్‌లో కనిపించేది రెండున్నర నిమిషాల వాయిస్ అని మాత్రమే. స్పీకర్‌లోనే నొక్కుతాడు. సలాం, ఆ తర్వాత ఏడుపు. పోయింది దాదీయా, అబ్బానా అన్నది రెండో నిమిషం దాకా తేలదు. ఇదేం లిహాజ్? జనాజా జొహర్ తర్వాతా, అసర్ తర్వాతా అని వెతకడానికి మళ్లీ ఆ ఏడుపంతా వినాలి. ఫ్లైట్ దొరికితే మట్టి ఇవ్వడానికి అందుతాడా లేదా అన్నది ఆ ఒక్క మాట మీదే ఉంది.

ముందు రూంలోని దోస్త్‌కి చెప్పండి, పక్కనుంటాడు. తర్వాత తమ్ముడికి రాయండి: "దాదీ ఈరోజు ఫజర్ టైంలో ఇంతెకాల్ అయ్యారు. జనాజా అసర్ తర్వాత, మన టైం 5 గంటలకు, మొహల్లా మసీదులో. అబ్బా, అమ్మీ బాగున్నారు." ఆ చివరి మాట మరవొద్దు. బండి నడుపుతున్నాడని తెలిస్తే మాత్రం ఆగండి. లాక్ చేసిన ఫోన్ మీద కూడా మొదటి లైను కనిపించొచ్చు.

మరి అమ్మీ గొంతు? తప్పకుండా పంపండి, వాడి జవాబు వచ్చాక.